దరఖాస్తు గడిలో మన పరిచయం: అక్షరాల లెక్క, విషయం ఎంపిక

సంఘాల తనిఖీకి వెళ్ళినపుడు పాల రిజిస్టరు, నగదు పుస్తకం, సభ్యుల జాబితాలతో పాటు ఈ మధ్య మా ముందుకు మరొక కాగితం కూడా వస్తున్నది. శిక్షణకో, పురస్కారానికో, రుణానికో కంప్యూటరులో పంపవలసిన దరఖాస్తు అది. పేరు, ఊరు, భూమి, పశువుల సంఖ్య వంటి గడులను మన సభ్యులు సులువుగానే నింపుతున్నారు. చివరికి వచ్చేసరికి “మీ గురించి క్లుప్తంగా వ్రాయండి – 200 అక్షరాలకు మించరాదు” అన్న గడి దగ్గర ఆగిపోతున్నారు. ఆ గడి విషయంలో మేము చేసిన ఒక పొరపాటును, దాని వలన తెలుసుకొన్న సంగతులను ఈ వ్యాసంలో వివరిస్తాము.

“చే” దగ్గర ఆగిన దరఖాస్తు

మా పరిధిలోని ఒక సంఘంలో ఒక సభ్యురాలు ఉన్నారు. రెండు గేదెలతో పాడి మొదలుపెట్టి తొమ్మిదింటికి పెంచిన మనిషి. ఉత్తమ పాడి రైతు పురస్కారానికి దరఖాస్తు పెట్టుకొమ్మని మేమే ప్రోత్సహించాము. “మీ సంగతి వివరంగా వ్రాయించండమ్మా” అని చెప్పినదీ మేమే. ఆమె చెప్పగా ఇంటరు చదివే కుమారుడు వ్రాశాడు. సంఘ కార్యదర్శి దానిని ఫోనులో టైపు చేసి గడిలో అతికించి పంపించాడు. ఆ వ్రాత ఇది:

“నమస్కారం. నేను ఒక సామాన్య రైతు కుటుంబంలో పుట్టి, చిన్ననాటి నుండి పశువులంటే మక్కువతో పెరిగాను. వివాహమైన తరువాత మా వారి ప్రోత్సాహంతో పాడి పరిశ్రమను ఎంచుకొని, ఎన్నో కష్టనష్టాలకు ఓర్చి, నేడు ఈ స్థితికి చేరుకున్నాను. 2 గేదెలతో మొదలుపెట్టి...”

ఆ తరువాత ఇంకా అయిదారు వాక్యాలు ఉన్నాయి. గేదెల సంగతి, దూడల సంగతి, పాల సంగతి అన్నీ అక్కడే ఉన్నాయి. కాని ఆ గడి 200 దగ్గర కోసివేసింది. కోసినట్లు హెచ్చరిక ఏదీ రాలేదు. కొన్ని నెలల తరువాత ఆ దరఖాస్తు నకలు తీసి చూస్తే, ఆమె పరిచయం “నేడు ఈ స్థితికి చే” అన్నచోట ముగిసింది. చదివినవారికి ఆమెకు గేదె ఉన్నదో లేదో కూడా తెలిసే అవకాశం లేదు. పిలుపు రాలేదు. ఆమె మమ్ములను ఏమీ అనలేదు గాని, “అయ్యా, నేను చెప్పినదంతా వాళ్ళకు అందలేదన్నమాట” అన్నారు. ఆ మాట మాకు తగిలింది.

యంత్రం అక్షరాన్ని ఎట్లా లెక్కిస్తుంది?

మొదట తెలుసుకొనవలసినది, మన అక్షరం వేరు, యంత్రం లెక్కించే అక్షరం వేరు. “పాలు” అన్న మాటకు మన లెక్కలో రెండక్షరాలు. యంత్రం లెక్కలో నాలుగు. ప ఒకటి, దీర్ఘం ఒకటి, ల ఒకటి, కొమ్ము ఒకటి. తలకట్టుకు విడిగా లెక్క లేదు. గుణింతపు గుర్తు ప్రతిదానికీ ఒకటి, సున్నకు ఒకటి. ఒత్తు మాత్రం రెండు తీసుకొంటుంది. పొల్లు గుర్తుకు ఒకటి, దాని కింద వచ్చే హల్లుకు ఒకటి. ఈ లెక్కన “సంఘం” నాలుగు, “గేదెలు” ఆరు, “స్త్రీ” కూడా ఆరు. ఖాళీ జాగాకు ఒకటి, చుక్కకు ఒకటి, ప్రతి అంకెకు ఒకటి. “సాఫ్ట్‌వేర్” వంటి ఇంగ్లీషు మాటలను తెలుగులో టైపు చేసినపుడు మధ్యలో కంటికి కనిపించని ఒక గుర్తు పడుతుంది. దానికీ ఒకటి తగ్గుతుంది. నవ్వు ముఖాలు, పూల బొమ్మలు సాధారణంగా రెండు గాని అంతకు మించి గాని తీసుకొంటాయి.

అందువలన 200 అన్నపుడు మనకు చేతికి దక్కేది సుమారు 25 మాటలు మాత్రమే. పై వ్రాతను అట్లా లెక్కించి చూశాము. “నమస్కారం” మొదలు “చే” వరకు సరిగ్గా 200 వచ్చింది. అంటే తప్పు యంత్రానిది కాదు, మేము లెక్క చూడకపోవడం.

తెలుగులో వ్రాస్తే జాగా చాలదనీ, ఇంగ్లీషే మేలనీ కొందరు అంటారు. పై లెక్క ప్రకారం అది నిజం కాదు. “గేదెలు” అంటే ఆరు. అదే మాట ఇంగ్లీషులో తొమ్మిది. అయితే కొన్ని గడులు అక్షరాలను కాక, వాటిని దాచుకొనడానికి పట్టే బైట్లను లెక్కిస్తాయి. ఇంగ్లీషు అక్షరం ఒక బైటులో ఇముడుతుంది. తెలుగు గుర్తు ప్రతిదీ సాధారణంగా మూడు తీసుకొంటుంది. అటువంటి చోట 200 అంటే తెలుగులో 70 లోపే.

మన గడి ఏ రకమో తెలుసుకొనడానికి ఒక చిన్న పరీక్ష ఉన్నది. గడి కింద “ఇంకా ఇన్ని మిగిలినవి” అన్న అంకె ఉంటే, ఖాళీ గడిలో “స్త్రీ” అని ఒక్క మాట టైపు చేసి చూడండి. ఆరు తగ్గితే మేము చెప్పిన లెక్కే. పద్దెనిమిది తగ్గితే అది బైట్ల లెక్క. ఒకటో మూడో మాత్రమే తగ్గితే తెర మీద కనిపించే అక్షరాన్ని లెక్కిస్తున్నదని, మీకు మరికొంత జాగా ఉన్నదని అర్థం. అంకె ఏదీ కనిపించకపోతే, ఆరు లెక్కనే నమ్ముకొని, అతికించిన తరువాత చివరి మాట పూర్తిగా ఉన్నదో లేదో చూసుకొనవలెను.

ఏమి వ్రాయాలి? ముందు మిగిలిన గడులు చూడండి

మరుసటి సంవత్సరం అదే దరఖాస్తు మళ్ళీ వచ్చింది. ఈసారి మేము, కార్యదర్శి, ఆమె ముగ్గురమూ సంఘం కార్యాలయంలో కూర్చున్నాము. ముందు ఆమె చేత సంగతులు చెప్పించి, ఒక్కొక్కటి ఒక్కో వరుసగా కాగితం మీద వ్రాశాము. భర్త ప్రోత్సాహం, కష్టనష్టాలు వంటివి వచ్చినపుడు, “ఇది ఏ సభ్యురాలైనా చెప్పగలిగినదేనా, మీరొక్కరే చెప్పగలిగినదా?” అని అడిగాము. అందరూ చెప్పగలిగిన దానిని పక్కన పెట్టాము. అవి అబద్ధాలని కాదు. వాటిని చదివి ఒకరి నుండి మరొకరిని వేరు చేయడం ఎంపిక చేసేవారికి సాధ్యం కాదు.

పాల లెక్క దగ్గర ఒక చిక్కు వచ్చింది. ఆమె రోజుకు 50 లీటర్లు అన్నారు. అందులో ఇంటి వాడకం, దూడలు తాగేవి కలిసి ఉన్నాయి. సంఘం రిజిస్టరులో గడచిన 30 రోజుల మొత్తం 1,260 లీటర్లు. అంటే రోజుకు 42. దరఖాస్తును తనిఖీ చేయడానికి వచ్చేవారు చూసేది మన రిజిస్టరునే. కాబట్టి “గేదెలు ఇస్తున్నాయి” అని కాక, “సంఘానికి పోస్తున్నాను” అని 42 వేయమన్నాము. చిన్న గడిలో ఒక్క అంకె తప్పయినా మిగిలిన వాక్యాలనూ ఎవరూ నమ్మరు.

మిగిలిన సంగతులతో ఇట్లా వచ్చింది:

“2011లో 2 గేదెలతో పాడి మొదలుపెట్టాను. ఇప్పుడు 9 ముర్రా గేదెలు ఉన్నాయి. వాటిలో 7 మా ఇంట పుట్టిన దూడలే. 6 గేదెలు పాలిస్తున్నాయి. సంఘానికి రోజుకు 42 లీటర్లు పోస్తున్నాను. 60 సెంట్లలో పచ్చగడ్డి పెంచుతున్నాను.”

లెక్కిస్తే 203. మూడు ఎక్కువ.

మూడక్షరాల కోసం ఏమి తీయాలి?

కార్యదర్శి వెంటనే ఉపాయం చెప్పాడు. “లీటర్లు” తీసి “లీ.” అని వేస్తే నాలుగు కలిసి వస్తాయి, 199 అవుతుంది, గడిలో పడుతుంది అన్నాడు. లేదా “రోజుకు” తీసివేద్దాము అన్నాడు. ఇక్కడే చాలామంది పొరపడుతున్నారు. “రోజుకు” లేని 42 లీటర్లు పూటకో, రోజుకో, వారానికో చదివేవారికి తెలియదు. అంకెకు పక్కన ఉండే కొలత, కాలం అన్నవి ఆ అంకెలో భాగాలు. వాటిని తీసి అంకెను ఉంచడం కన్నా, అంకెతో సహా ఆ సంగతినే తీసివేయడం మేలు. మాటలను కత్తిరించి లోపల కుక్కే ముందు, ఏ సంగతి పూర్తిగా బయటికి పోవచ్చునో చూడవలెను.

అందుకు మిగిలిన గడులను తిరిగి చదివాము. పశుగ్రాసం ఎన్ని సెంట్లలో వేశారని నాలుగో గడిలో అడిగారు. ఆమె 60 అని అప్పటికే నింపారు. కాబట్టి పచ్చగడ్డి వాక్యం ఇక్కడ అనవసరం. దానికి ముందున్న ఖాళీతో కలిపి 37 మిగిలాయి. పాలిచ్చే పశువులెన్ని, వట్టిపోయినవెన్ని అన్నది అయిదో గడిలో ఉన్నది. “6 గేదెలు పాలిస్తున్నాయి” కూడా పోయింది. మరి 25 మిగిలాయి. ఇప్పుడు మన వ్రాత 141. మూడు ఎక్కువైన చోట 59 అక్షరాల ఖాళీ ఏర్పడింది. ఒక్క మాటను కూడా కత్తిరించలేదు.

ఆ ఖాళీని దేనితో నింపాలి? తొమ్మిదింటిలో ఏడు ఇంట పుట్టినవే అన్న సంగతి ఆమె చాలా తేలికగా చెప్పి ఊరుకున్నారు. మాకు మాత్రం అందులోనే అసలు విషయం కనిపించింది. మన ఊళ్ళలో పాలన్నీ పిండి అమ్ముకొని, దూడకు చాలినంత వదలక, నట్టలు పడి దూడ చనిపోతే, ఈతకొక గేదెను సంతలో కొనేవారే ఎక్కువ. “మీ దూడలు ఎట్లా బ్రతికినవమ్మా?” అని అడిగాము. “ఏమున్నదయ్యా, మూడు నెలలదాకా దాని పాలు దానికి వదిలేస్తాను. నట్టల మందు డాక్టరుగారు చెప్పిన రోజుకు తాగిస్తాను” అన్నారు. ఆ మాట ఏ గడిలోనూ అడగలేదు. ఎవరూ అడగనిది, ఆమె చేసినది, పక్కవారు చేయనిది. గడిలో ఉండవలసినది ఇదే.

తరువాత వాక్యాలను సర్దాము. “ఇప్పుడు 9 ముర్రా గేదెలు ఉన్నాయి. వాటిలో 7 మా ఇంట పుట్టిన దూడలే” అన్న రెండు వాక్యాలు 63 తీసుకొంటున్నాయి. “నా 9 ముర్రా గేదెల్లో 7 మా ఇంట పుట్టిన దూడలే” అని ఒకటిగా చేస్తే 44. విషయం ఏమీ తగ్గలేదు. తెలుగులో “ఉన్నాయి”, “వాటిలో”, “అనేది” వంటి మాటలు వాక్యాలు కలిపినపుడు తమంతట తామే రాలిపోతాయి. “పాడి మొదలుపెట్టాను”లో “పాడి” కూడా అక్కరలేదు, దరఖాస్తే పాడిది. ఇక వరుస మార్చాము. సంవత్సరం పుట్టుపూర్వోత్తరాలతో మొదలుపెట్టక, ముఖ్యమైనది ముందు పెట్టాము. వందల దరఖాస్తులు చదివేవారి కన్ను మొదటి వాక్యం మీదనే నిలుస్తుంది. పైగా ఎక్కడైనా కోత పడితే చివరిదే పోతుంది. చివరకు ఇట్లా కుదిరింది:

“నా 9 ముర్రా గేదెల్లో 7 మా ఇంట పుట్టిన దూడలే. ప్రతి దూడకు 3 నెలల వరకు పాలు వదిలాను. నట్టల మందు తాగించాను. 2011లో 2 గేదెలతో మొదలుపెట్టాను. ఇప్పుడు సంఘానికి రోజుకు 42 లీటర్లు పోస్తున్నాను.”

లెక్క 185. సభ్యులు వ్రేళ్ళ మీద లెక్కించి సరిచూసుకొనవచ్చును.

మిగిలిన 15 ఎందుకు వదిలాము?

కార్యదర్శి ఆ 15లో “ధన్యవాదాలు” చేరుద్దామన్నాడు. వద్దన్నాము. మర్యాద మాటలకు దరఖాస్తు గడిలో చోటు లేదు. అంతకన్నా ముఖ్యమైన కారణం మరొకటి ఉన్నది. తెర మీది లెక్క, అవతలి కంప్యూటరు లెక్క అన్నివేళలా ఒక్కటి కావు. మనం మధ్యలో పంక్తి మారిస్తే తెర మీద అది ఒకటిగా కనిపించి, అవతల రెండుగా లెక్కకు రావచ్చు. అందుచేత పంక్తులు విడదీయకుండా ఒకే వరుసగా వ్రాయడం, 200 గడికి పది పదిహేను మిగల్చడం క్షేమం. పాల క్యానును అంచు వరకు నింపి బండి ఎక్కిస్తే దారిలో ఏమవుతుందో మన సభ్యులకు వేరే చెప్పనక్కరలేదు.

పంపేముందు చేయవలసిన తనిఖీ ఒకటే. గడిలోకి వెళ్ళి చివరి మాట చూడండి. మనం వ్రాసిన చివరి మాట, దాని తరువాతి చుక్క రెండూ ఉంటే మొత్తం చేరినట్లే. “పోస్తున్నా” దగ్గరో, “పోస్తు” దగ్గరో ఆగి ఉంటే కోత పడినట్లు. పంపిన తరువాత వచ్చే నకలును కూడా తెరిచి అదే చోటు చూసి, సంఘం ఫైలులో ఉంచుకొనండి.

ఫోనులోని పరిచయం వేరు

ఆమె కుమారుడు ఈ 185 అక్షరాలనే తన ఇన్‌స్టాగ్రామ్ పేజీలో పెడతానన్నాడు. అక్కడ 150కి మించి పట్టదు. ఎక్స్ అనే దానిలో 160 వరకు పడుతుంది. అయితే అక్షరాలు తగ్గించడమొక్కటే పని కాదు. దరఖాస్తు ఒక తేదీన ఒక అధికారి చదివేది. ఆ తేదీకి 42 లీటర్లు నిజమైతే చాలును. ఫోనులోని పరిచయం నెలల తరబడి అక్కడే ఉంటుంది. రెండు గేదెలు వట్టిపోగానే 42 అన్నది అబద్ధమవుతుంది, దానిని దిద్దడం ఎవరికీ గుర్తుండదు. కాబట్టి అక్కడ రోజువారీ అంకెలు వద్దు. “2011 నుండి” అన్న మాట మాత్రం ఎప్పటికీ చెల్లుతుంది. “14 ఏళ్ళుగా” అని వ్రాస్తే వచ్చే ఏటికి తప్పు.

చదివేవారు కూడా వేరు. ఆ పేజీకి వచ్చేది చూడి పడ్డలను కొనదలచినవారు. వారికి కావలసినది వేరు కనుక ఇట్లా వ్రాయించాము:

“2011 నుండి ముర్రా గేదెల పాడి. పడ్డలను ఇంటనే పెంచుతాం. పాలు మా సంఘానికే. చూడి పడ్డలు కావలసినవారు కబురు పెట్టండి.”

ఇది 111. ఇంకా 39 మిగిలాయి గదా అని అబ్బాయి అడిగాడు. మిగలనివ్వమన్నాము. ఇంటి నంబరు, ఫోను నంబరు పెట్టి ఆ జాగా నింపవద్దనీ, అవి అడిగినవారికి విడిగా చెప్పవచ్చుననీ అన్నాము.

చివరిగా ఒక మాట. రెండవసారి పంపిన దరఖాస్తుకు పురస్కారం వచ్చినదా అని సభ్యులు అడుగుతారు. ఈ వ్యాసం వ్రాసే నాటికి ఫలితం తేలలేదు. కాని తనిఖీకి ఇద్దరు అధికారులు ఆ ఊరు వచ్చారు. సంఘం కార్యాలయంలో కూర్చోబెట్టి టీ ఇవ్వబోతే, “టీ తరువాత, ముందు ఆ దూడల పాక ఎక్కడ?” అన్నారట. ఆమె చెప్పదలచినది ఈసారి అవతలికి చేరింది.

ఇటువంటి గడి ఉన్న దరఖాస్తు ఏదైనా వస్తే, సభ్యులు తమ సంగతులను వరుసలుగా వ్రాసుకొని సంఘం పాల రిజిస్టరుతో సరిచూసుకొనవలసినదిగాను, కార్యదర్శులు గడువుకు రెండు రోజులు ముందే కూర్చుని అక్షరాలు లెక్కించవలసినదిగాను కోరుతున్నాము.